130 కిలోల మనిషికి 286 గ్రాముల ప్రోటీనా?

మొన్న ఒకాయన నా దగ్గరికి డైట్ చార్ట్ పట్టుకొచ్చారు. వయసు 40, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 130 కిలోలు. రోజుకు 2200 కేలరీలు, అందులో ప్రోటీన్ 286 గ్రాములు తినాలని చార్ట్‌లో ఉంది. నాలుగు రోజులు ప్రయత్నించి, "తినలేక చస్తున్నాను మేడమ్" అన్నారు. ఆయన లెక్కనే ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

అపోహ: బరువు ఎన్ని కిలోలుంటే దానికి రెండింతల గ్రాముల ప్రోటీన్ తినాలి.

కిలోకు 1.6 నుంచి 2.2 గ్రాములు అనే లెక్క ఎక్కువగా వ్యాయామం చేసే, పెద్దగా కొవ్వు లేని వాళ్ల మీద చేసిన పరిశోధనల్లోంచి వచ్చింది. దాన్ని 130తో గుణించారు కాబట్టే 286 వచ్చింది. అంటే 1144 కేలరీలు, రోజు మొత్తంలో సగానికి పైనే ప్రోటీన్‌కు పోతాయి. ప్రోటీన్ అవసరం ప్రధానంగా కండ, అవయవాల లాంటి కణజాలానిది. పేరుకున్న కొవ్వుకు కావలసింది చాలా తక్కువ. అందుకే కొవ్వు తీసేయగా మిగిలిన బరువును, అంటే లీన్ మాస్‌ను, ఆధారంగా తీసుకుంటాం. లీన్ మాస్ అంటే ఒక్క కండే కాదు. నీరు, ఎముక, అవయవాలు అన్నీ అందులోవే.

ఆయన కొవ్వు శాతం సుమారు 43 అనుకున్నాం. 130లో 57 శాతం అంటే 74 కిలోలు. కిలో లీన్ మాస్‌కు 2 గ్రాముల చొప్పున 148 గ్రాములు. ఇది మనిషి తినగలిగే అంకె. (కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క వద్దు, డాక్టర్ చెప్పిందే లెక్క.)

అపోహ: కొవ్వు శాతం కచ్చితంగా తెలియకపోతే ఈ లెక్కంతా వృథా.

ఆ 43 ఎలా వచ్చిందో చెబుతాను. ఇంట్లో ఉన్న స్మార్ట్ తూకం మిషన్ పొద్దున 41 చూపించింది, అదే రోజు సాయంత్రం 37. నాలుగు శాతం కొవ్వు ఒక్క పూటలో కరగదు కదా! ఆ మిషన్ పాదాల గుండా చిన్న కరెంటు పంపి, ఎంత అడ్డు తగిలిందో చూసి కొవ్వును ఊహిస్తుంది. ఒంట్లో నీరు, చర్మం వేడి మారితే అంకె మారిపోతుంది. పైగా భారీ శరీరాల్లో కొవ్వును తక్కువగా చూపించే అలవాటు దానికి ఉంది. నడుము, మెడ టేపుతో కొలిచి లెక్కేస్తే 43 వచ్చింది. నేను దాన్నే తీసుకుని, అటూ ఇటూ ఐదు శాతం తప్పు ఉండొచ్చని అనుకున్నాను.

ఆ తప్పు ఖరీదెంతో చూడండి. కొవ్వు 38 శాతమైతే ప్రోటీన్ 161 గ్రాములు, 48 అయితే 135. మధ్య అంకెకు 13 గ్రాములే తేడా. దీనికి టెన్షన్ పడి స్కాన్‌కు పరిగెత్తక్కర్లేదు.

అపోహ: లీన్ మాస్ ఫార్ములా కేలరీలను కూడా అన్నిటికంటే బాగా చెబుతుంది.

```
BMR = 370 + 21.6 × LBM
```

BMR అంటే ఏ పనీ చేయకపోయినా ఒళ్లు రోజుకు ఖర్చు చేసే కేలరీలు, LBM అంటే కిలోల్లో లీన్ మాస్. ఆయనకు ఇది 1970 చెబుతుంది. బరువు, ఎత్తు, వయసుతో లెక్కేసే మిఫ్లిన్ ఫార్ములా సుమారు 2170 చెబుతుంది. కొత్తవాళ్లు లీన్ మాస్ ఉన్నదే సరైనదని మొదటిదాన్నే పట్టుకుంటారు, ఒకప్పుడు నేనూ అంతే. కానీ కొవ్వు ఊరికే కూర్చోదు, కిలోకు రోజుకు సుమారు 4.5 కేలరీలు ఖర్చు చేస్తుంది. సన్నటి మనిషిలో అది లెక్కలోకి రాదు. ఈయన ఒంట్లో ఉన్నది 56 కిలోలు, అంటే 250 కేలరీలు. ఫార్ములాలో కొవ్వుకు విడిగా చోటు లేదు కాబట్టి, బాగా బరువున్న వాళ్లకు అది తక్కువ చెప్పే వీలుంది.

కాబట్టి ప్రోటీన్‌కు లీన్ మాస్ వాడతాను, కేలరీల మొదటి అంకెకు మిఫ్లిన్ వాడతాను. ఎక్కువగా కూర్చునే పని కాబట్టి 1.3తో గుణిస్తే రోజు మొత్తం ఖర్చు 2820. అందులోంచి 600 తగ్గించి 2200 దగ్గర మొదలుపెట్టాం. చార్ట్‌లో ఆ ఒక్క అంకె బాగానే ఉంది.

అసలు దిద్దుబాటు తూకమే చేస్తుంది. మొదటి వారం 2.2 కిలోలు తగ్గారు. ఎక్కువ భాగం నీరే, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. (ఆ వారమే మిషన్ "లీన్ మాస్ తగ్గింది" అని చూపించి ఆయన్ని హడలగొట్టింది. అదీ నీరే.) తర్వాతి మూడు వారాల్లో, వారం సగటులు చూస్తే, 1.5 కిలోలు. కిలోకు 7700 కేలరీల చొప్పున రోజుకు 550 లోటు. 2200కు 550 కలిపితే ఆయన ఖర్చు 2750.

ఆయన తిన్నది కాస్త తక్కువ చేసి రాసి ఉండొచ్చు, చాలామంది రాస్తారు. రోజూ ఒకేలా తక్కువ రాస్తున్నంత కాలం ఇబ్బంది లేదు, ఎందుకంటే ఆ 2750 కూడా ఆయన రాత లెక్కలోదే. ప్రోటీన్ 148ని ఇప్పట్లో కదపను. మరో పది కిలోలు తగ్గాక టేపు మళ్లీ తీస్తాను.