అలారం మోగేలోపే: రొయ్యల ఫ్రీజర్ రీడింగుల వెనకున్న వందేళ్ళ కథ

నెల్లూరు చుట్టుపక్కల, అటు ఒంగోలు, సింగరాయకొండ వైపు ఉన్న రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఫ్రీజర్ పక్కనే ఒక ప్యానెల్ బోర్డు ఉంటుంది. దాని మీద లోపలి గాలి ఉష్ణోగ్రత క్షణక్షణం కనిపిస్తూ ఉంటుంది. మైనస్ 32 దాటి వేడెక్కితే మోగేలా అలారం పెట్టారనుకుందాం. మైనస్ 36 దగ్గర నడవాల్సిన ఫ్రీజర్ మైనస్ 33కి వచ్చినా ఆ అలారం నోరెత్తదు. షిఫ్ట్ రిజిస్టర్లో "ఓకే" అని పడుతుంది. ఇంకో వారానికి బెల్ట్ చివర రొయ్యలు ఒకదానికొకటి అతుక్కుని గడ్డలుగా పడతాయి, పెద్ద సైజు రొయ్య నడిమధ్యలోని ఉష్ణోగ్రత, అంటే కోర్ టెంపరేచర్, మైనస్ 18కి చేరదు. అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

రీడింగులు లేక వచ్చిన ఇబ్బంది కాదిది. రీడింగులు కుప్పలుగా ఉన్నాయి. వాటిని ఎందుకు రాయడం మొదలుపెట్టామన్న దగ్గరే చిక్కుంది.

మన తీరంలో ఈ రికార్డులు ప్రధానంగా కొనేవాళ్ళ కోసం వచ్చాయి. 1990ల్లో రొయ్యల ఎగుమతి పెరిగే నాటికే విదేశీ మార్కెట్లు నిబంధనలు బిగించాయి. అమెరికా 1995లో సముద్రాహారానికి హ్యాసప్ అనే ఆహార భద్రతా నిబంధనలు ప్రకటించి, 1997 డిసెంబర్ నుంచి అమల్లోకి తెచ్చింది. హ్యాసప్ అడిగేది సూటి ప్రశ్న: కీలకమైన చోట హద్దు ఎంత, ఆ హద్దు దాటలేదని రుజువేది? యూరప్‌కు వెళ్ళే గడ్డకట్టిన సరుకు కోర్ టెంపరేచర్ మైనస్ 18 గానీ అంతకంటే చల్లగా గానీ ఉండాలి. దాంతో ప్లాంట్లలో సెన్సర్లు, డేటా లాగర్లు, ఆడిట్ ఫైళ్ళు పెరిగాయి. ఆ ప్రశ్న న్యాయమైనదే, తినేవాళ్ళ ఆరోగ్యానికి అది కావాల్సిందే. కానీ అది రీడింగును హద్దుతోనే పోలుస్తుంది. ఈ యంత్రం మొన్నటిలాగే ఉందా అని అడగదు.

ఆ రెండో ప్రశ్న హ్యాసప్ కంటే పాతది. 1924 మే 16న అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజినీరు వాల్టర్ షూహార్ట్ తన పై అధికారికి ఒక పేజీ నోట్ రాశాడు. అందులో మూడో వంతు ఒక బొమ్మే. మధ్యలో సగటు గీత, పైనా కిందా ఒక్కో హద్దు గీత, వాటి మధ్య కొలతల చుక్కలు. టెలిఫోన్ పరికరాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో కొలత కాస్త అటూఇటూ అయిన ప్రతిసారీ మెషిన్ సర్దేవాళ్ళు, దాంతో తేడా ఇంకా పెరిగేది. ఏ తేడా మామూలుగా ఉండేదో, ఏ తేడా వెనక నిజంగా కారణం ఉందో విడదీయడానికి పుట్టింది ఆ బొమ్మ. దాని హద్దులు కొనేవాడు చెప్పేవి కావు. ఆ యంత్రం బాగున్నప్పుడు ఎంత ఊగుతుందో కొలిచి, ఆ ఊగుకు మూడు రెట్ల దూరంలో గీసేవి. కంట్రోల్ చార్ట్ అంటే ఇదే.

మన దేశానికి ఇది ఆలస్యంగా వచ్చిందేమీ కాదు. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఆహ్వానం మీద షూహార్ట్ స్వయంగా 1947-48లో భారతదేశం వచ్చాడు. ఆ తర్వాత ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఫ్యాక్టరీలకు ఈ పద్ధతి నేర్పే విభాగాలు తెరిచింది. మిల్లులకు, మెషిన్ షాపులకు వెళ్ళినంతగా ఇది ఆక్వా ప్లాంట్లలోకి రాలేదని నా అభిప్రాయం. ఇక్కడ నాణ్యత అనగానే గుర్తొచ్చేది ల్యాబ్, యాంటీబయోటిక్ పరీక్ష, ఆడిట్ ఫైలు. ఫ్రీజర్ అనగానే మెకానిక్. ఈ రెంటి మధ్య ఉన్న చార్ట్ ఎవరి పనీ కాకుండా పోయింది.

షూహార్ట్ చార్ట్‌కూ ఒక బలహీనత ఉంది. ఉన్నట్టుండి పెద్ద మార్పు వస్తే అది వెంటనే పట్టేస్తుంది. రోజుకు కొంచెం చొప్పున జరిగే మార్పును ఆలస్యంగా పడుతుంది, ఎందుకంటే అది ప్రతి చుక్కనూ విడిగా చూస్తుంది, నిన్నటి చుక్కను మర్చిపోతుంది. సగటు ఒక సిగ్మా మేర జరిగి అక్కడే నిలిచిపోతే, ఆ సంగతి తెలియడానికి దానికి సగటున 44 చుక్కలు పడుతుంది. సిగ్మా అంటే ఆ మామూలు ఊగుకు కొలత. ఈ లోటును పూడ్చడానికి 1954లో ఇంగ్లండ్‌లో ఇ.ఎస్. పేజ్ తేడాలను కూడుకుంటూ పోయే క్యూసమ్ చార్ట్ తెచ్చాడు. 1959లో ఎస్.డబ్ల్యు. రాబర్ట్స్ ఇంకో దారి చూపాడు: కొత్త రీడింగుకు కొంత బరువు, పాత సగటుకు మిగతా బరువు ఇచ్చి కలపడం. దాన్నే ఇప్పుడు ఈడబ్ల్యుఎమ్ఏ అంటున్నారు. ఇవి రెండూ అదే ఒక సిగ్మా మార్పును సుమారు 10 చుక్కల్లో పట్టేస్తాయి. ఫ్రీజర్ లాంటి వాటికి నేను రాబర్ట్స్ పద్ధతే ఎంచుకుంటాను. ఎక్సెల్‌లో ఒక్క లైను చాలు, గీత చూస్తే సూపర్‌వైజర్‌కి అర్థమవుతుంది.

ఒక లెక్క చేసి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవే. రొయ్యలను విడివిడిగా గడ్డకట్టించే ఐక్యూఎఫ్ ఫ్రీజర్ ఒకటి ఉంది. బెల్ట్ మీదుగా వచ్చి, గాలిని చల్లబరిచే కాయిల్‌లోకి తిరిగి వెళ్ళే గాలి దగ్గర సెన్సర్ ఉంది. కాయిల్‌కు మంచు పడుతుంది కాబట్టి షిఫ్ట్‌కోసారి డీఫ్రాస్ట్ చేస్తారు. డీఫ్రాస్ట్ అయ్యాక గాలి బాగా చల్లగా ఉంటుంది, మంచు పేరుకునే కొద్దీ మెల్లగా వేడెక్కుతుంది, మళ్ళీ డీఫ్రాస్ట్. రంపపు పళ్ళలా నడిచే ఈ రీడింగులో ఎక్కడపడితే అక్కడ తీసిన అంకెను చార్ట్‌లో పెడితే ఆ పళ్ళే కనిపిస్తాయి, అసలు జారుడు కనిపించదు. అందుకే ప్రతి షిఫ్ట్‌లో డీఫ్రాస్ట్ అయ్యాక, సరుకు వేసిన గంటకు, ఒకే రీడింగు తీసుకోవాలి. ఆ టైముకు ఏ కౌంట్, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగే సరుకు, నడుస్తోందో పక్కన రాయాలి. 30 కౌంట్ రొయ్య, 100 కౌంట్ రొయ్య ఫ్రీజర్ మీద వేసే భారం ఒకటి కాదు. రెంటికీ తేడా కనిపిస్తే చార్ట్‌లు విడివిడిగా పెట్టాలి.

కాయిల్ శుభ్రంగా ఉండి, సరుకు బాగా వచ్చిన రోజుల్లోంచి 20 షిఫ్ట్‌ల రీడింగులు తీశాం. సగటు మైనస్ 36.0 వచ్చింది. వరుస రీడింగుల మధ్య తేడాల సగటు 0.56. దాన్ని ఇలాంటి తేడాలకు వాడే స్థిర సంఖ్య 1.128తో భాగిస్తే సిగ్మా సుమారు 0.5 డిగ్రీ. షూహార్ట్ హద్దులు మైనస్ 37.5, మైనస్ 34.5. రాబర్ట్స్ పద్ధతిలో కొత్త రీడింగుకు 0.2 బరువు ఇస్తే హద్దు సగటుకు అటూఇటూ 0.5 డిగ్రీ దగ్గర పడుతుంది, అంటే మైనస్ 36.5, మైనస్ 35.5. షీట్‌లో C1లో మైనస్ 36 వేసి, B2 నుంచి రీడింగులు ఎక్కిస్తూ, C2లో ఇది పెట్టి కిందికి లాగితే సరి:

```
=0.2*B2+0.8*C1
```

ఇప్పుడు 9 షిఫ్ట్‌ల రీడింగులు ఇలా వచ్చాయి, అన్నీ మైనస్‌లో: 35.7, 36.1, 35.4, 35.8, 35.3, 35.5, 35.0, 35.4, 34.9. విడిగా చూస్తే ఒక్కటీ 34.5 హద్దు దాటలేదు. ప్యానెల్ అలారం 32 దగ్గర ఉంది కాబట్టి దానికి ఏమీ పట్టదు. C కాలమ్ మాత్రం 7వ షిఫ్ట్‌కు మైనస్ 35.55, 8కి మైనస్ 35.52, 9కి మైనస్ 35.40. హద్దు 35.5 కాబట్టి 9వ షిఫ్ట్‌లో దాటేసింది. ఇదే వేగంతో, షిఫ్ట్‌కు సుమారు 0.1 డిగ్రీ చొప్పున జారితే ప్యానెల్ అలారం మోగడానికి మొదటి నుంచి 40 షిఫ్ట్‌లు పడుతుంది. రోజుకు రెండు షిఫ్ట్‌లంటే 20 రోజులు. ఇక్కడ ఐదో రోజుకే తెలిసింది.

1956లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ పుస్తకంలో వచ్చిన, కంట్రోల్ చార్ట్ చదివే నియమాలు వాడినా ఇదే 9వ షిఫ్ట్ దొరికేది, వరుస ఐదింట నాలుగు చుక్కలు ఒక సిగ్మా అవతల ఉన్నాయి కాబట్టి. కానీ ఆ నియమాలన్నీ కలిపి వాడితే, అంతా బాగున్నప్పుడు కూడా సగటున 92 చుక్కలకోసారి ఉత్త అలారం వస్తుంది. షూహార్ట్ మూడు సిగ్మాల హద్దు ఒక్కటే వాడితే అది 370కి ఒకసారి, పైన చెప్పిన ఈడబ్ల్యుఎమ్ఏకి 500 దాటాకే. రాత్రి షిఫ్ట్‌లో మెకానిక్‌ని ఊరికే రెండుసార్లు పిలిస్తే మూడోసారి అతను రాడు.

హద్దు దాటిందంటే ఫ్రీజర్ ఆపేయమని కాదు, వెళ్ళి చూడమని. మొదట చూడాల్సింది డీఫ్రాస్ట్ అయిన వెంటనే కాయిల్‌ని, టార్చ్ వేసి, కింది వరసల మూలల దాకా. డీఫ్రాస్ట్ నీళ్ళు సరిగా అందక అక్కడ కొంచెం మంచు మిగిలిపోతే, తర్వాతి షిఫ్ట్‌లో దాని మీదే ఇంకాస్త పేరుకుంటుంది, గాలి దారి రోజురోజుకీ ఇరుకవుతుంది. జారుడు ఇంత నిలకడగా, మెట్టుమెట్టుగా ఉంటే నా మొదటి అనుమానం దీని మీదే. మూలల్లో మంచు లేకపోతే ఫ్యాన్లు, బెల్ట్ వేగం, దాని మీద ఎంత సరుకు వేస్తున్నారు, ఆ తర్వాత కంప్రెసర్ వైపు. కారణం దొరికి సరిచేశాక C కాలమ్‌ను మళ్ళీ మైనస్ 36 నుంచి మొదలుపెట్టాలి. లేకపోతే పాత జారుడు బరువు ఇంకొన్ని షిఫ్ట్‌లు వెంటాడుతుంది.

కొత్త సాఫ్ట్‌వేర్లు పెట్టిన చోట ఇంకో తప్పు జరుగుతోంది. లాగర్ సెకనుకో రీడింగు ఇస్తుంది, వాటన్నిటినీ నేరుగా చార్ట్‌లోకి పంపిస్తారు. ఈ సెకను రీడింగుకూ ముందు సెకను రీడింగుకూ తేడా 0.03 కూడా ఉండదు. ఆ తేడాతో లెక్కేస్తే సిగ్మా చాలా చిన్నదిగా వచ్చి, హద్దులు బిగుసుకుపోయి, రోజంతా అలారాలే. చివరికి ఎవరో ఒకరు ఆ స్క్రీన్ ఆపేస్తారు. షూహార్ట్ కాలంలో మనిషి గంటకోసారి నాలుగైదు ముక్కలు కొలిచేవాడు, వరుస కొలతలు ఒకదాని మీద ఒకటి ఇంతగా ఆధారపడేవి కావు. ఆయన లెక్కలకు అదే పునాది. దగ్గరదగ్గరగా తీసిన రీడింగుల దగ్గర ఆ పునాది కదిలిపోతుందని 1988లో ఆల్వాన్, రాబర్ట్స్ అనే ఇద్దరు వివరంగా చూపించారు. ఈ రాబర్ట్స్ వేరే ఆయన. వాళ్ళ పరిష్కారానికి టైమ్ సిరీస్ మోడల్ కట్టాలి. మన ఫ్రీజర్‌కి అంత అవసరం లేదు, షిఫ్ట్‌కో రీడింగు చాలు.

అంతకంటే ప్రమాదకరమైనది గత 30 రోజుల డేటాతో హద్దులను తానే మార్చుకునే చార్ట్. ఫ్రీజర్ మెల్లగా జారుతుంటే దాని వెంటే సగటు గీత కూడా జారుతుంది, చుక్కలు ఎప్పుడూ మధ్యలోనే కనిపిస్తాయి. మనం పట్టుకోవాలనుకున్న దాన్నే అది దాచేస్తుంది. హద్దులు ఆ మంచి 20 షిఫ్ట్‌లవే ఉండాలి. కాయిల్ మార్చినప్పుడో, ఫ్యాన్ మోటార్ మార్చినప్పుడో, అంటే యంత్రం నిజంగా మారినప్పుడే కొత్తగా లెక్కేయాలి.

ఇక చార్ట్ ఒక్కటే చెప్పలేని సంగతి ఒకటుంది: జారింది ఫ్రీజరా, సెన్సరా? తేమలో, చలిలో ఏళ్ళ తరబడి ఉన్న సెన్సర్ కూడా పక్కకు జరుగుతుంది. సెన్సర్ తప్పుడు దిక్కుకు, అంటే చల్లగా చూపించే వైపుకు జరిగితే, ఫ్రీజర్ నిజంగా వేడెక్కుతున్నా చార్ట్ ప్రశాంతంగానే ఉంటుంది. అందుకని శుభ్రమైన నీళ్ళతో చేసిన ఐసును చిదిపి, నీళ్ళతో కలిపి ముద్దగా చేసి, సెన్సర్‌ని అందులో ముంచి సున్నా చూపిస్తుందో లేదో నెలకోసారైనా చూడాలి. మైనస్ 36 దగ్గర ఎంత తప్పుందో దీంతో పూర్తిగా తేలదు కానీ, పెద్ద తేడా ఉంటే బయటపడుతుంది. వీలుంటే అదే చోట రెండో సెన్సర్ పెట్టి, రెంటి మధ్య తేడాకే ఇంకో చార్ట్ గీయాలి. ఫ్రీజర్ జారితే రెండూ కలిసి జారతాయి, ఆ తేడా మారదు. ఒక సెన్సర్ చెడితే తేడా చార్ట్ దాన్ని విడిగా పట్టిస్తుంది.