ఫొటో ఎక్కిస్తే పేజీ ఎందుకు ఆగిపోయేది? ఒక కడియం నర్సరీ సైటు వెనక కథ

తొలకరి పడితే కడియపులంకలో నర్సరీల వాళ్లకి ఊపిరాడదు. లారీలు లోడవుతుంటాయి, ఫోన్లు మోగుతుంటాయి. అవతలి వ్యాపారి అడిగే మొదటి మాట ఒకటే: "ఫొటోలు పెట్టండి." నేను చూసుకునే నర్సరీ సైటులో కుర్రాళ్లు రోజూ మడుల మధ్య నిలబడి మొక్కల ఫొటోలు తీసి, అక్కడికక్కడే ఎక్కించేవారు. ఒక సీజన్లో ఆ పేజీ మొరాయించడం మొదలుపెట్టింది. చక్రం తిరిగి తిరిగి చివరికి `504 Gateway Time-out` అని వచ్చేది. వాళ్లు మళ్లీ నొక్కేవారు. సాయంత్రానికి ఒకే మందార మొక్క సైటులో మూడుసార్లు కనిపించేది.

తప్పు ఆ సీజన్లో పుట్టింది కాదు. సైటు కట్టిన రోజునే అందులో ఉంది.

ఆ రోజుల్లో చిన్న సైట్లన్నీ ఒకే పద్ధతిలో నడిచేవి. ఫొటో సర్వర్‌కి చేరుతుంది, అక్కడి పీహెచ్‌పీ కోడ్ దాన్ని విప్పుతుంది, చిన్న కాపీలు చేస్తుంది, అంతా అయ్యాకే "సరే, ఎక్కింది" అని జవాబు పంపుతుంది. మా సైటులో మూడు కాపీలు: వెతికే జాబితాకి 200 పిక్సెళ్లది, మొక్క కార్డుకి 480ది, నొక్కితే పెద్దగా కనిపించడానికి 1280ది. ఫోన్లు చిన్న ఫొటోలు తీసినంత కాలం ఈ పని క్షణంలో అయిపోయేది. ఫోన్లు మారాయి, కోడ్ మారలేదు. కొత్త ఫొటోకి మా చవక సర్వర్‌లో నాలుగు సెకన్లు పడుతోంది. ఒకేసారి ఇరవై ఫొటోలు పంపితే 80 సెకన్లు. (ఇరవై దాటితే పీహెచ్‌పీ మిగతావి తీసుకోదు. `max_file_uploads` మామూలుగా 20 ఉంటుంది. అదో వేరే తలనొప్పి.)

మొదట నేనూ అందరూ చేసే పనే చేశాను, అంటే పరిమితులు పెంచుకుంటూ పోయాను. పీహెచ్‌పీ 30 సెకన్లకి పని ఆపేస్తోంది కాబట్టి `max_execution_time` ని 300 చేశాను. అప్పుడు దాని ముందున్న వెబ్ సర్వర్ ఎన్జిన్‌ఎక్స్ 60 సెకన్లు చూసి విసుగొచ్చి 504 చూపించింది. ఇక్కడే ఒక మెలిక ఉంది. జవాబు ఆగిపోయినా వెనక పీహెచ్‌పీ తన పని చేసుకుంటూనే ఉంటుంది. అంటే కుర్రాడికి తప్పు వచ్చినట్టు కనిపిస్తుంది కానీ ఫొటోలు నిజానికి ఎక్కేస్తాయి. మూడు మందారాల గుట్టు అదే.

తర్వాత ఒకడు ఫోన్లో 48 మెగాపిక్సెళ్ల మోడ్ ఆన్ చేశాడు. ఫైలు పది ఎంబీ లోపే ఉంది, ఎక్కింది కూడా. కానీ లాగ్‌లో ఈ లైను పడింది:

```
Allowed memory size of 134217728 bytes exhausted
```

ఆ సంఖ్య 128 ఎంబీ, పీహెచ్‌పీకి మామూలుగా ఇచ్చే `memory_limit`. జేపెగ్ అనేది మడతపెట్టి కట్టిన చాప లాంటిది. మూట చిన్నగానే ఉంటుంది, పరిచాక ఎంత చోటు పడుతుందో చాప కొలతని బట్టి ఉంటుంది. 8000 × 6000 ఫొటోలో 4.8 కోట్ల పిక్సెళ్లు ఉంటాయి. పీహెచ్‌పీలో బొమ్మల పని చూసే జీడీ ఒక్కో పిక్సెల్‌కి నాలుగు బైట్లు తీసుకుంటుంది. మొత్తం 192 ఎంబీ. 12 మెగాపిక్సెళ్ల ఫొటోకైతే 48 ఎంబీ చాలు, అందుకే అప్పటిదాకా బండి నడిచింది. ఫైలు సైజు చూసి హద్దు పెట్టడం వల్ల ఇక్కడ ఉపయోగం లేదు. ముందు పొడవు వెడల్పులు చదవాలి, అవి ఫైలు తలభాగంలోనే ఉంటాయి, మొత్తం విప్పక్కర్లేదు.

నేను మాత్రం తెలివిగా పరిమితిని 512 ఎంబీ చేశాను. సర్వర్‌లో మొత్తం ఉన్నది ఒక జీబీ. ఇద్దరు ఒకేసారి పెద్ద ఫొటోలు పంపేసరికి మెమరీ అయిపోయి, లినక్స్ అన్నిటికంటే లావుగా కనిపించిన ప్రాసెస్‌ని చంపేసింది. అది డేటాబేస్. సైటు మొత్తం పడిపోయింది.

అసలు దెబ్బ ఫొటోలు ఎక్కించేవాళ్లకి కాదు, ఊరికే మొక్కలు చూద్దామని వచ్చిన కొనుగోలుదారుకి. మా సర్వర్‌లో పీహెచ్‌పీ పనివాళ్లు, అంటే పేజీలు తయారుచేసే ప్రాసెస్‌లు, ఐదుగురు. `pm.max_children` కి మామూలుగా ఇచ్చే సంఖ్య అదే. ఐదుగురూ ఫొటోలు కుదించడంలో ఉంటే ఆరో మనిషి అడిగిన మామూలు పేజీ కూడా బయటే నిలబడుతుంది. నరసాపురం దగ్గర గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు ఎక్కినవాళ్లకి ఇది తెలుసు. పంటు నిండా లారీలు ఎక్కేస్తే చేతిలో సంచీతో వచ్చినవాడు కూడా రేవులోనే ఆగాలి.

ఇది మాకొక్కరికే వచ్చిన కష్టం కాదు. 2008లో ఆన్‌లైన్ దుకాణాలు నడిపించే షాపిఫై తన సొంత కోడ్‌లోంచి విడదీసి డిలేడ్ జాబ్ అనే చిన్న లైబ్రరీని బయటపెట్టింది. అది ఏ పనులకో చెప్పే జాబితాలో ఇమేజ్ సైజు మార్చడం కూడా ఉంది. ఆలోచన చాలా మామూలుది. పని వెంటనే చెయ్యకు, డేటాబేస్‌లో ఒక వరుస రాసి జవాబిచ్చేయ్. ఆ వరుసలు చూసుకుంటూ వెనక ఇంకో ప్రాసెస్ తీరిగ్గా పని చేస్తుంది. ఇకమీద పనివాడంటే ఇదే. తర్వాత ఇలాంటివే రెడిస్ అనే మెమరీ డేటాబేస్ మీద నడిచేవి చాలా వచ్చాయి. మా నర్సరీకి అవేవీ అక్కర్లేదు, ఉన్న డేటాబేస్ చాలు. దానిలో ఇంకో సుఖమూ ఉంది. ఫొటో వరుసా పని వరుసా ఒకే ట్రాన్సాక్షన్‌లో పడతాయి, పడితే రెండూ, లేకపోతే ఏదీ పడదు. ఈ పనుల క్యూ వేరేచోట ఉంటే ఫొటో వరుస ఇంకా ఖరారు కాకముందే పనివాడు పరిగెత్తుకొచ్చి "ఆ ఫొటో లేదే" అని వెనక్కి పోవడం జరుగుతుంది. ఆ తప్పు ఎప్పుడో ఒకసారి మాత్రమే కనిపిస్తుంది కాబట్టి పట్టుకోవడం నరకం.

డేటాబేస్ టేబుల్‌ని క్యూగా వాడటానికి ఒకప్పుడు పెద్ద అడ్డంకి ఉండేది. ఇద్దరు పనివాళ్లు ఒకే వరుస మీద పడేవారు, లేదా ఒకడు తాళం వేసుకుంటే రెండోవాడు ఆ తాళం తీసేదాకా కూర్చునేవాడు. 2016 జనవరిలో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.5, తర్వాత 2018లో మైఎస్‌క్యూఎల్ 8.0 దీన్ని రెండు మాటల్లో తీర్చేశాయి:

```sql
SELECT id FROM photo_jobs
WHERE status = 'pending'
ORDER BY id LIMIT 1
FOR UPDATE SKIP LOCKED;
```

తాళం ఉన్నది వదిలేసి తర్వాతది తీసుకో అని అర్థం. తీసుకున్నాక ఆ వరుసని `running` అని మార్చి, ట్రాన్సాక్షన్ ముగించి, అప్పుడు పని మొదలుపెట్టాలి.

ఇక విప్పే ఖర్చు. దాని జవాబు జేపెగ్ పుట్టుకలోనే ఉంది. 1974లో నసీర్ అహ్మద్, నటరాజన్, కె.ఆర్. రావు కలిసి డీసీటీ అనే గణిత పద్ధతిని ప్రచురించారు. 1992 నాటి జేపెగ్ ప్రమాణం దాని మీదే నిలబడింది. ఫొటోని 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడిలో ముందు సగటు వెలుతురునీ ఆ తర్వాత సన్న సన్న మార్పుల్నీ రాసుకుంటుంది. కాబట్టి చిన్న బొమ్మే కావాలన్నప్పుడు సన్న మార్పుల లెక్క చాలావరకు చెయ్యక్కర్లేదు. సగం, పావు, ఎనిమిదో వంతు కొలతల్లో నేరుగా విప్పొచ్చు. పీహెచ్‌పీ జీడీకి ఈ దారి లేదు, ఇమేజ్‌మేజిక్ అనే టూల్‌కి ఉంది:

```
magick -define jpeg:size=1280x1280 42.jpg -auto-orient \
  -thumbnail 1280x1280 -quality 75 42-1280.tmp.jpg
mv 42-1280.tmp.jpg 42-1280.jpg
```

8000 × 6000 ఫొటో ఇక్కడ పావు కొలతలో, అంటే 2000 × 1500 గా విప్పుకుంటుంది. 4.8 కోట్ల పిక్సెళ్ల బదులు 30 లక్షలు. 480, 200 కాపీలు ఈ 1280 నుంచే చేస్తాం, అసలు ఫొటో జోలికి మళ్లీ పోం.

`-auto-orient` ముందే ఉండటానికి కారణం ఉంది. నిలువుగా పట్టుకుని తీసినా చాలా ఫోన్లు పిక్సెళ్లని అడ్డంగానే రాసి, "తిప్పి చూపించు" అని ఫొటో వివరాలు దాచే ఎగ్జిఫ్‌లో ఒక గుర్తు పెడతాయి. `-thumbnail` ఆ ఎగ్జిఫ్‌ని పీకేస్తుంది. నర్సరీ ఎక్కడుందో చెప్పే జీపీఎస్ అంకెలు కూడా దాంతోనే పోతాయి, అది మంచిదే. కానీ తిప్పకుండా పీకేస్తే నిటారుగా పెరిగే అశోక మొక్క సైటులో పడుకుని కనిపిస్తుంది. మాకు వారం రోజులు అలాగే కనిపించింది. అసలు ఫొటో తెరిచి చూస్తే బాగానే ఉండేది, అందుకే కుర్రాళ్లు చెప్పినా నేను నమ్మలేదు.

`mv` ఎందుకంటే, పని మధ్యలో కరెంటు పోయినా పనివాడు చచ్చినా సగం బొమ్మ అసలు పేరుతో మిగలకూడదు. పేరు ఫొటో నంబరు మీదే ఆధారపడుతుంది కాబట్టి ఒకే పని రెండుసార్లు జరిగినా నష్టం లేదు, పాతదాని మీద అదే బొమ్మ మళ్లీ పడుతుంది.

ఈ మార్పు తర్వాత ఫొటోలు సర్వర్‌కి చేరిన మరుక్షణం జవాబు వస్తోంది. అయితే చేరడానికి పట్టే సమయం తగ్గలేదు. మడుల మధ్య సిగ్నల్ ఒక గీతే ఉంటే వెనక ఎంతమంది పనివాళ్లున్నా చేసేదేం లేదు. పైగా కొత్త చిక్కొకటి వచ్చింది: మొక్క పేజీలో ఉంటుంది, దాని చిన్న బొమ్మ ఇంకా తయారవ్వదు. ఆ ఖాళీలో అసలు ఫొటోనే చూపిద్దామని మొదట అనుకున్నాను. ఇరవై కార్డులు, ఒక్కోటి ఐదు ఎంబీ, చూసేవాడి ఫోన్లో వంద ఎంబీ కరిగిపోతుంది. వద్దనుకుని బూడిద రంగు కుండీ బొమ్మ పెట్టాం. కాపీ తయారయ్యాక అది మారిపోతుంది.

పనివాడు చడీచప్పుడు లేకుండా ఆగిపోవడం ఇంకో జబ్బు. పేజీలన్నీ చకచకా వస్తుంటాయి, తప్పు ఎక్కడా కనిపించదు, కుండీలు మాత్రం పెరుగుతుంటాయి. క్యూలో ఎన్ని పనులున్నాయో చూస్తే తెలియదు, సీజన్లో ఎన్నయినా ఉండొచ్చు. అన్నిటికంటే పాత పని ఎంతసేపటి నుంచి ఎదురుచూస్తోందో చూడాలి. పది నిమిషాలు దాటితే నాకు మెసేజ్ వస్తుంది. సగంలో తెగిన ఫైళ్ల లాంటివి మూడుసార్లు ప్రయత్నించాక `failed` లోకి పోతాయి. ఆ హద్దు లేని రోజుల్లో చెడిపోయిన ఫొటో ఒకటి రాత్రంతా మళ్లీ మళ్లీ తిరిగింది.

మొన్న కార్డు కొలత 480 నుంచి 640కి పెంచాల్సొచ్చింది. అసలు ఫొటోలు దాచి ఉంచాం కాబట్టి ఇబ్బంది లేదనుకుని, పాతవి తొమ్మిది వేలూ రాత్రి పదకొండింటికి క్యూలో పడేశాను. ఒక్కోటీ సెకనున్నర దాకా తీసుకుంది, మొత్తం మూడు గంటల ముప్పావు. తెల్లవారేలోపు అయిపోవాలి. కానీ మధ్యలో పనివాడు ఒకసారి ఆగి, నేను మెసేజ్ చూసి లేచేసరికి ఐదున్నర అయింది. కుర్రాళ్లు పొద్దున్నే తీసిన గులాబీల ఫొటోలు వేల పాత ఫొటోల వెనక నిలబడ్డాయి. సైటు నిండా కుండీలే. ఆ రోజే టేబుల్‌లో `priority` అని ఒక కాలమ్ చేర్చి, పై లైనుని `ORDER BY priority, id` అని మార్చాను. కొత్త ఫొటోకి 0, పాతవాటికి 9.