పిల్లల గదికి రంగు: వాసన లేదంటే ప్రమాదం లేనట్టేనా? (అపోహలు - వాస్తవాలు)

పిల్లల గదికి రంగు వేయమని పిలిచేవాళ్ళు నన్ను ముందు అడిగేది "వాసన రాదు కదా?" అని. ఆ వెంటనే "వాడు గోడంతా క్రేయాన్లతో గీస్తాడు, తుడిస్తే పోవాలి" అంటారు. రెండూ సబబైన కోరికలే. కానీ డబ్బా ఎంచుకోవడం దగ్గరే ఆలోచన ఆపేస్తారు. షేడ్ ఎంత ముదురు, కిటికీ చెక్క మీద కింద ఏముంది అన్న సంగతి ఎవరూ అడగరు. నిజానికి నాకు టెన్షన్ పెట్టేవి ఆ రెండే.

అపోహ: వాసన లేకపోతే హాని లేదు

ముక్కు ఇక్కడ మంచి సాక్షి కాదు. ఎమల్షన్‌లో ఘాటుగా తగిలే వాసన చాలాసార్లు అమ్మోనియాది. అది కొంచెం ఉన్నా ముక్కుకు గట్టిగానే తెలుస్తుంది, కిటికీలు తీసి ఉంచితే త్వరగా పోతుంది. మరోవైపు రంగు త్వరగా ఆరిపోకుండా కలిపే గ్లైకాల్స్‌కి వాసన దాదాపు ఉండదు, అవి గాలిలోకి నెమ్మదిగా, రోజుల తరబడి వస్తూనే ఉంటాయి. కొన్ని పెయింట్లలో వాసన తెలియకుండా సువాసన కూడా కలుపుతారు.

వాసన లేకుండానే బయటికి వచ్చేవాటిలో డబ్బాలో రంగు కుళ్ళకుండా వేసే ప్రిజర్వేటివ్‌లు కూడా ఉన్నాయి. ఐసోథయజోలినోన్లు అనే ఈ రకం, రంగు వేశాక కొన్ని వారాల వరకు గాలిలోకి వస్తుంది. మామూలుగా ఇబ్బంది ఉండదు. కానీ వాటికి ఇంతకుముందే అలర్జీ ఉన్నవాళ్ళకు ఆ గదిలోకి వెళ్తేనే ముఖం ఎర్రబడి దద్దుర్లు రావచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆ అలర్జీ ఉంటే సేఫ్టీ డేటా షీట్‌లో ఈ పేరు వెతకండి. డబ్బా లేబుల్ మీద కనిపించకపోయినా అందులో ఉండొచ్చు.

అపోహ: డబ్బా మీద "జీరో వీఓసీ" అని ఉంటే చాలు

వీఓసీ అంటే గాలిలోకి ఆవిరయ్యే కర్బన పదార్థాలు. జీరో అన్నారంటే సాధారణంగా లీటరుకు 5 గ్రాముల లోపు అని అర్థం, సున్నా అని కాదు. పైగా యూరప్ లెక్కలో 250 డిగ్రీల సెల్సియస్ లోపు మరిగేవాటినే వీఓసీ అంటారు. రంగు పొర సరిగ్గా అతుక్కోవడానికి కలిపే కొన్ని పదార్థాలు ఆ గీత దాటాకే మరుగుతాయి. అవి లెక్కలోకి రావు గానీ గోడలోంచి నెలల తరబడి కొద్దికొద్దిగా వస్తూంటాయి.

అసలు కిటుకు వేరే ఉంది. డబ్బా మీద అంకె తెల్లటి బేస్‌ది కావచ్చు. మీ షేడ్ తయారయ్యేది మాత్రం టింటింగ్ మెషిన్ దగ్గర. అందులోంచి పడే రంగు ద్రావణం గ్లైకాల్‌తో చేసినదైతే, బేస్‌లో తగ్గించిందంతా అక్కడ మళ్ళీ వచ్చి కలుస్తుంది.

ఒక పిల్లాడి గది లెక్క చెప్తాను. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. తలుపులు, కిటికీల చోటు తీసేయకుండా లెక్కిస్తే నాలుగు గోడలూ కలిపి 400 చదరపు అడుగులు. రెండు పూతలు వేయడానికి లీటరు 50 చదరపు అడుగులకు వస్తుందనుకుంటే 8 లీటర్లు కావాలి. బేస్ లీటరుకు 5 గ్రాముల రకం, అంటే మొత్తం 40 గ్రాములు. ఆ పిల్లాడి తండ్రికి నాలుగు గోడలూ ముదురు నీలం కావాలి. అలాంటి షేడ్‌కి లీటరుకు 80 మిల్లీలీటర్ల ద్రావణం పడిందనుకోండి, మొత్తం 640. ఆ ద్రావణం లీటరుకు 300 గ్రాముల రకమైతే అదనంగా 192 గ్రాములు. "జీరో" గది కాస్తా 232 గ్రాముల గది అయింది.

నేను చెప్పింది ఇది: ముదురు నీలం ఒక్క గోడకే వేద్దాం, మిగతా మూడింటికీ లేత నీలం. అప్పుడు ముదురు గోడకు 2 లీటర్లు, ద్రావణం 160 మిల్లీలీటర్లు. లేత రంగుకు లీటరుకు 10 చొప్పున 6 లీటర్లకు 60. మొత్తం 220 మిల్లీలీటర్ల ద్రావణం నుంచి 66 గ్రాములు, బేస్‌తో కలిపి 106. సగానికంటే తక్కువ. వీఓసీ లేని ద్రావణం వాడే మెషిన్ దొరికితే ఇంత లెక్కే అక్కర్లేదు. అందుకే షాపులో "ఈ పెయింట్ జీరోనా?" అని కాకుండా "టింట్ చేశాక కూడా జీరోనేనా?" అని అడగాలి.

అపోహ: వాషబుల్ అన్నారు కాబట్టి ఎప్పుడైనా, దేనితోనైనా రుద్దొచ్చు

రంగు పొరలో పిగ్మెంట్, పొడి ఎక్కువై, వాటిని పట్టి ఉంచే బైండర్ తక్కువైతే గోడ సుద్దలా ఉంటుంది. గీత తుడిస్తే రంగు కూడా గుడ్డకు వచ్చేస్తుంది. అందుకే చౌక మ్యాట్‌లు పిల్లల గదికి పనికిరావు. "వాషబుల్" అన్న మాట కన్నా ఐఎస్‌ఓ 11998 అనే తడి రుద్దుడు పరీక్షలో వచ్చిన తరగతి చూడండి. ఒకటో తరగతి అంటే 200 సార్లు తడి రుద్దుడుకు పొర 5 మైక్రోమీటర్ల కన్నా తక్కువే అరుగుతుందని. రెండో తరగతిలో 5 నుంచి 20 వరకు అరగొచ్చు. కొంచెం మెరుపున్న శాటిన్‌లాంటివాటిలో మంచి తరగతి తేలిగ్గా దొరుకుతుంది, మంచి మ్యాట్‌లలోనూ ఉంటాయి.

రెండు గంటల్లో ఆరిందని మోసపోవద్దు. చేతికి అంటకపోవడం వేరు, పొర గట్టిపడటం వేరు. రెండోదానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తేమగా ఉంటే ఇంకా ఎక్కువ. అల్మారా వెనక గోడ మీద గోరుతో మెల్లగా నొక్కి చూడండి, గుంట పడితే ఇంకా గట్టిపడలేదని అర్థం. ఆ నీలం గోడ గురించి ఇంకో మాట: ముదురు షేడ్ మీద ఎక్కువ రుద్దితే ఆ చోట తెల్లటి మచ్చో, మెరుపో తేలి పక్కవాటం నుంచి కనిపిస్తుంది. కాబట్టి ముదురు గోడ మంచానికి ఎదురుగా ఉండాలి, మంచం పక్కన కాదు. క్రేయాన్ మైనం తీయడానికి గోరువెచ్చని నీళ్ళు, కొంచెం సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. గరుకు స్పాంజ్ మైనాన్ని తీస్తుంది, పొరను కూడా తీస్తుంది.

అపోహ: ముదురు రంగు అంటే సీసం

నీళ్ళ ఎమల్షన్లలో వాడే ఎరుపు, పసుపులు ఎక్కువగా ఐరన్ ఆక్సైడ్లు, ఆర్గానిక్ పిగ్మెంట్లు. సీసం ఎక్కువగా కనిపించేది సాల్వెంట్‌తో చేసే ఎనామిల్‌లో, అదీ లెడ్ క్రోమేట్ వాడిన పసుపు, నారింజ, ఎరుపు షేడ్లలో. చాలా దేశాల్లో ఇప్పుడు 90 పీపీఎం హద్దు ఉంది. డబ్బా మీద ఆ హామీ లేని ఎనామిల్‌ని పిల్లల గదిలోకి తీసుకురాకండి.

కొత్త గోడ గురించి ఇంత ఆలోచించి, పాత కిటికీ చెక్కను శాండ్‌పేపర్‌తో పొడిగా గీకేవాళ్ళను చూశాను. ఆ పాత ఎనామిల్ పొరల్లో సీసం ఉంటే గదిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అదే. ఆ ధూళి నేల మీద పడుతుంది. పసివాడి చేయి నేల మీదికీ నోట్లోకీ తిరుగుతూనే ఉంటుంది కదా. పాత పొర గట్టిగా ఉండి, కిటికీ తీసి వేసేటప్పుడు రాపిడి లేని చోటైతే గీకకుండా ప్రైమర్ వేసి కప్పేయడం మేలు. ఊడుతూంటే ఒక పెచ్చు ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించాలి. సీసం తేలితే పిల్లలు ఆ ఇంట్లో లేనప్పుడు, తడిపి, ఆ పని తెలిసినవాళ్ళ చేత తీయించాలి. మామూలు వాక్యూమ్ సన్నటి ధూళిని మళ్ళీ గదిలోకే ఊదుతుంది, హెపా ఫిల్టర్ ఉన్నదే వాడాలి.

తెలుపు కోసం వాడే టైటానియం డయాక్సైడ్ గురించి కూడా భయపడుతూంటారు. ఆ అనుమానం పీల్చే పొడి గురించి. ఎండిన పొరలో అది బైండర్‌లో ఇరుక్కుని ఉంటుంది. శాండ్‌పేపర్ పట్టినప్పుడు మాత్రం మాస్క్ పెట్టుకోండి.