రెండు గోడల మధ్య దిమ్మె: స్ప్రింగులు శ్రేణిలో ఉన్నాయా, సమాంతరంగానా?

ఇంటర్ పిల్లలకు డోలనాలు చెప్పేటప్పుడు నేను ఎక్కువసేపు ఆగేది ఈ ఒక్క బొమ్మ దగ్గరే. ఘర్షణ లేని బల్ల మీద 1 కిలో దిమ్మె ఉంది. దాన్ని ఎడమ గోడకు 100 N/m స్ప్రింగుతో, కుడి గోడకు 300 N/m స్ప్రింగుతో బిగించారు.

అపోహ: రెండు స్ప్రింగులూ ఒకే గీత మీద ఉన్నాయి కాబట్టి ఇది శ్రేణి.

వాస్తవం: ఇది సమాంతరమే. దిమ్మెను కుడివైపు 1 సెం.మీ. జరపండి. ఎడమ స్ప్రింగు 1 సెం.మీ. సాగి, 1 న్యూటన్ బలంతో వెనక్కి లాగుతుంది. కుడి స్ప్రింగు సరిగ్గా అంతే నలిగి, 3 న్యూటన్లతో అదే ఎడమవైపుకు నెడుతుంది. 1 సెం.మీ. జరిపితే 4 న్యూటన్లు వచ్చాయంటే ఫలిత స్థిరాంకం 400 N/m. T = 2π√(m/k) ప్రకారం ఆవర్తన కాలం 0.31 సెకన్లు.

నిజంగా శ్రేణి కావాలంటే రెండో స్ప్రింగును మొదటిదాని కొసకు తగిలించి, దిమ్మెను చివర కట్టాలి. అప్పుడు చివర 3 న్యూటన్లతో లాగితే ఆ బలం రెండింటిలోనూ అంతే ఉంటుంది. మెత్తటిది 3 సెం.మీ., గట్టిది 1 సెం.మీ. సాగుతాయి. మొత్తం 4 సెం.మీ. కాబట్టి స్థిరాంకం 75 N/m, కాలం 0.73 సెకన్లు. శ్రేణిలో జవాబు రెండింటిలో చిన్నదానికన్నా తక్కువ రాకపోతే లెక్క ఎక్కడో తప్పినట్టే.

అందుకే బొమ్మ ఆకారం చూడొద్దు. దిమ్మె జరిగినప్పుడు రెండు స్ప్రింగుల పొడవూ ఒకే మేరకు మారుతుందా, లేక రెండింటిలో ఒకే బలం ఉంటుందా అని అడగండి. మొదటిదైతే సమాంతరం, రెండోదైతే శ్రేణి.

అపోహ: స్ప్రింగును సగానికి కోస్తే స్థిరాంకం కూడా సగమవుతుంది.

వాస్తవం: రెట్టింపవుతుంది. ఆ రెండు ముక్కల్నీ శ్రేణిలో కలిపితే పాత స్ప్రింగే తిరిగి రావాలి కదా!

అపోహ: గోడల మధ్య స్ప్రింగుల్ని ముందే సాగదీసి బిగిస్తే దిమ్మె త్వరగా ఊగుతుంది.

వాస్తవం: హుక్ నియమం వర్తించినంతవరకు కాలం మారదు. సమతాస్థితిలో ఆ రెండు లాగుళ్లూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. దిమ్మెను జరిపితే అదనంగా పుట్టే బలం మళ్లీ సెంటీమీటరుకు 4 న్యూటన్లే.

అపోహ: దిమ్మెకు రెండు వైపులా స్ప్రింగులుంటే ఎప్పుడూ k₁ + k₂ వేసేయొచ్చు.

వాస్తవం: ప్రశ్నలో 'బిగించారు' అన్నారా, 'తాకుతూ ఉన్నాయి' అన్నారా చూడండి. ఇక్కడే బాగా చదివే పిల్లలు కూడా మార్కులు పోగొట్టుకుంటారు. సహజ పొడవులో ఉన్న స్ప్రింగులు దిమ్మెను ఊరికే తాకుతూ ఉంటే అవి నెట్టగలవే గానీ లాగలేవు. దిమ్మె ఎడమకు వెళ్లినప్పుడు ఎడమ స్ప్రింగు ఒక్కటే పనిచేస్తుంది, ఆ అర డోలనానికి π√(1/100), అంటే 0.31 సెకన్లు పడుతుంది. కుడివైపు అర డోలనానికి π√(1/300), అంటే 0.18 సెకన్లు. మొత్తం సుమారు 0.50 సెకన్లు. పైగా ఇది సరళ హరాత్మక చలనం కాదు. శక్తి నిత్యత్వం ప్రకారం దిమ్మె ఎడమవైపు వెళ్లే దూరం కుడివైపు దూరానికి √3 రెట్లు ఉంటుంది.