లైవ్ తెగితే చూసేవాళ్లకు ఏం కనిపిస్తుంది? అపోహలు - వాస్తవాలు

అపోహ: మన దగ్గర నెట్ తెగిన క్షణానే అందరి ఫోన్లలోనూ బొమ్మ ఆగిపోతుంది.

ఆగదు. లైవ్ వీడియో చిన్న చిన్న ముక్కలుగా వెళ్తుంది. ముక్క 4 సెకన్లదైతే, ప్లేయర్ సాధారణంగా మూడు ముక్కలు వెనకే, అంటే 12 సెకన్లు ఆలస్యంగా నడుస్తుంది. తెగాక ఆ నిల్వ అయిపోయేదాకా బొమ్మ కదులుతూనే ఉంటుంది, ఆ తర్వాతే చక్రం తిరుగుతుంది. ఐదారు సెకన్లలో మన వైపు నుంచి వీడియో పంపే ఎన్‌కోడర్ తిరిగి వస్తే చాలామందికి దృశ్యం ఒక్కసారి ముందుకు దూకినట్లు ఉంటుంది, అంతే. కానీ నిల్వ కరిగిపోయి ఉంటుంది కాబట్టి, వెంటనే మరోసారి తెగితే ఈసారి చక్రం తప్పదు. తెగిన సమయంలో జరిగింది తర్వాత వచ్చి చేరదు, యూట్యూబ్‌లో మిగిలే రికార్డింగులోనూ ఉండదు.

అపోహ: నెట్ వస్తే చాలు, లైవ్ దానంతట అదే అందుకుంటుంది.

నేనూ ఇలాగే నమ్మేవాణ్ణి. గుంటూరు బ్రాడీపేటలో ఒక పెళ్లి. జీలకర్ర బెల్లానికి కాస్త ముందు, మండపం నిండాక, డాంగిల్‌లో నెట్ పోయింది. దాదాపు 45 సెకన్లకు తిరిగి వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. ఇంతలో అమెరికాలో ఉన్న పెళ్లికూతురి పెదనాన్నగారు ఫోన్ చేశారు: “ఏమయ్యా, పెళ్లి అప్పుడే అయిపోయిందా?” ఆయన తెరపై ప్రసారం ముగిసిందని ఉంది.

జరిగింది ఇది. యూట్యూబ్‌లో `Enable Auto-stop` పెట్టి ఉంటే, వీడియో రావడం ఆగిన సుమారు ఒక నిమిషానికి ప్రసారం ముగుస్తుంది. ఇటు మన కంప్యూటర్‌లో ఎన్‌కోడర్‌గా పనిచేసే ఓబీఎస్ ప్రోగ్రాం, మళ్లీ కలిసే ప్రయత్నాల మధ్య విరామాన్ని ప్రతిసారీ సుమారు ఒకటిన్నర రెట్లు పెంచుతుంది. మొదటి విరామం 2 సెకన్లయితే తర్వాత 3, నాలుగున్నర, దాదాపు 7, 10, 15, 23. కూడి చూడండి: ఆరో ప్రయత్నం 42వ సెకను దగ్గర, ఏడోది 64 దాటాక. మా నెట్ సరిగ్గా ఆ రెండింటి నడుమ వచ్చింది. ఓబీఎస్ మళ్లీ తలుపు తట్టేసరికి తలుపు మూసేశారు. ముగిసిన ప్రసారం తెరుచుకోదు, వాట్సాప్ గ్రూపులో కొత్త లింకు పంపి తీరాలి. ఆ లింకు చేరేసరికి తలంబ్రాలు అవుతున్నాయి.

పొరపాటు నాదే. ఇప్పుడు పెళ్లిళ్లకు ఆ ఆటో స్టాప్ తీసేస్తాను. చివర్లో ప్రసారాన్ని చేత్తో ముగించడం మరవకూడదు, లేకపోతే అది తెరిచే ఉంటుంది. నెట్ వచ్చిందని డాంగిల్ లైటు చెప్పగానే ఓబీఎస్ ప్రయత్నం కోసం ఎదురుచూడను. `Stop Streaming` నొక్కి, వెంటనే `Start Streaming` నొక్కుతాను.

అపోహ: ఓబీఎస్‌లో పచ్చ గుర్తు ఉంటే చూసేవాళ్లకు వస్తున్నట్లే.

అది మన వైపు సంగతి మాత్రమే. పక్కన ఇంకో ఫోనులో, వేరే కంపెనీ సిమ్‌తో, అతిథులకు పంపిన అదే లింకు తెరిచి పెట్టుకోండి. ముహూర్తానికి గంట ముందు నెట్ కేబుల్ 20 సెకన్లు పీకి, ఆ ఫోను వంక చూడండి.