షార్ట్స్ శాతాలు, పెద్ద వీడియోల శాతాలు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల చిన్న యూట్యూబ్ ఛానెళ్లకు గణాంకాలు చూసి పెట్టే పనిలో ఉన్నాను. షార్ట్స్‌కూ పెద్ద వీడియోలకూ వచ్చే శాతాలను పక్కపక్కన పెట్టి, ఎక్కువ ఉన్నదే మంచిదని తేల్చేయడం ఇక్కడ చాలామందికి నష్టం చేస్తోంది.

అపోహ: షార్ట్‌ను నూటికి 40 మంది స్వైప్ చేసి వెళ్లిపోతే అది విఫలమైనట్టే.

వాస్తవం: పెద్ద వీడియోకు ప్రేక్షకుడు థంబ్‌నెయిల్, శీర్షిక చూసి, ఇష్టపడి నొక్కుతాడు. షార్ట్స్ ఫీడ్‌లో అలాంటి ఎంపిక ముందుగా జరగదు. వీడియో మొదలయ్యాకే ఉండాలా వద్దా అని అతను నిర్ణయించుకుంటాడు. కాబట్టి స్వైప్ రేటును పోల్చవలసింది పెద్ద వీడియోను సగటున ఎంతసేపు చూశారన్న లెక్కతో కాదు, థంబ్‌నెయిల్ చూసినవారిలో ఎందరు నొక్కారన్న లెక్కతో. ఆ నొక్కుడు శాతం సగం ఛానెళ్లలో 2 నుంచి 10 మధ్యే ఉంటుందని యూట్యూబే చెబుతుంది. పైగా షార్ట్ మన అనుచరులను దాటి కొత్తవారికి చేరేకొద్దీ స్వైప్ రేటు పెరగడం సహజం. దానికి భయపడి వీడియోను తొలగించకూడదు.

అపోహ: సగటు వీక్షణ శాతం 100 దాటితే అందరూ మళ్లీ మళ్లీ చూసినట్టు.

వాస్తవం: ఇక్కడే ఎక్కువమంది తప్పుదారి పడుతున్నారు. ఉదయగిరి చెక్క చెంచా తయారీపై 15 సెకన్ల షార్ట్ ఉందనుకుందాం. పదిమందిలో ఐదుగురు రెండుసార్లు పూర్తిగా చూస్తే 150 సెకన్లు. మిగిలిన ఐదుగురు 6 సెకన్లకే వెళ్లిపోతే 30 సెకన్లు. మొత్తం 180, సగటున 18 సెకన్లు, అంటే 120 శాతం. అయినా సగంమంది చెంచా పూర్తికావడం చూడనేలేదు. ఈ సంగతి సగటు చెప్పదు. ఒక్కో సెకనుకు ఎంతమంది చూస్తున్నారో చూపే రిటెన్షన్ గీత ఏ సెకను దగ్గర పడిపోయిందో చూస్తేనే తెలుస్తుంది. షార్ట్ పూర్తికాగానే తిరిగి మొదలవుతుంది కనుక, చివరి దృశ్యం మొదటి దృశ్యంలో కలిసిపోయేలా కూర్చినప్పుడు ప్రేక్షకుడు గమనించకుండానే రెండోసారి చూస్తాడు. దాన్ని ఆసక్తిగా లెక్కించడం తొందరపాటు.

అదే ఛానెల్‌లో చెంచా తయారీ మొత్తం చూపే పది నిమిషాల వీడియోకు 35 శాతం వచ్చిందనుకోండి. అంకె చిన్నదే, కానీ ఒక్కొక్కరు సగటున మూడున్నర నిమిషాలు కేటాయించారు. 120 శాతం వెనుక ఉన్నది 18 సెకన్లే. అందుకే శాతాలను సెకన్లలోకి మార్చి చూడాలి. షార్ట్‌ను దాదాపు అంతే నిడివి ఉన్న షార్ట్‌తోనే పోల్చాలి.

అపోహ: వ్యూస్ పెరిగాయంటే ప్రేక్షకులు పెరిగినట్టే.

వాస్తవం: 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైనా, తిరిగి ఆడినా ఒక వ్యూగా లెక్కకు వస్తోంది, కనీస సమయం అక్కరలేదు. అంతకుముందు పెట్టిన షార్ట్స్‌తో పోల్చాలంటే పాత పద్ధతిలో లెక్కించే ‘ఎంగేజ్డ్ వ్యూస్’ చూడాలి.