మూడు వారాల నిషేధం, ఇరవై ఆరేళ్ల పాఠం: ‘లోటు నమూనా’ ఎక్కడ దెబ్బతింది

1986 జూన్ 20న బ్రిటన్ ప్రభుత్వం ఇంగ్లండ్‌లోని కంబ్రియా కొండ ప్రాంతంలో గొర్రెలను వేరే చోటికి తరలించడాన్నీ, కోయడాన్నీ నిషేధించింది. దానికి సుమారు ఎనిమిది వారాల ముందు, ఏప్రిల్ 26న, సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు రియాక్టర్ పేలింది. మే మొదటి రోజుల్లో ఆ పేలుడు నుంచి లేచిన రేడియోధార్మిక మేఘం కంబ్రియా మీదికి వచ్చినప్పుడే గట్టి వాన పడి, రేడియోధార్మిక సీసియం గడ్డి మీదకు దిగింది. మాంసంలో రేడియోధార్మికత కిలోకు 1,000 బెకరెల్స్ దాటితే అమ్మకూడదన్నది అప్పటి నియమం. నిషేధం మూడు వారాలు ఉంటుందని రైతులకు చెప్పారు. చివరి ఆంక్షలు తొలగింది 2012లో.

విజ్ఞాన ప్రసారం గురించి చదివేవాళ్లు ఈ గొర్రెల ఉదంతాన్ని ఇప్పటికీ తిరగేస్తూ ఉండటానికి కారణం ఉంది. నిషేధానికి ఏడాది ముందు, 1985లో, లండన్ రాయల్ సొసైటీ ఒక నివేదిక వెలువరించింది. జన్యుశాస్త్రవేత్త వాల్టర్ బోడ్మర్ అధ్యక్షతన తయారైంది కాబట్టి దాన్ని బోడ్మర్ నివేదిక అంటారు. ప్రజలకు సైన్స్ ఇంకా బాగా అర్థం కావాలి, అది అర్థమయ్యేలా చెప్పడం శాస్త్రవేత్తల బాధ్యత అన్నది దాని సారం. ఆ తర్వాత సర్వేలు వచ్చాయి. భూమి సూర్యుడి చుట్టూ తిరగడానికి ఏడాది పడుతుందని సరిగా చెప్పినవాళ్లు బ్రిటన్‌లో 34 శాతం, అమెరికాలో 46 శాతం అని 1989లో తేలింది. ప్రజల్లో తెలివిడి లోటు ఉంది, దాన్ని సమాచారంతో పూడిస్తే సైన్స్ మీద నమ్మకం దానంతటదే వస్తుంది అన్న ఆలోచన ఇలా బలపడింది. దానికి ‘లోటు నమూనా’ అని పేరు పెట్టింది దాన్ని సమర్థించినవాళ్లు కాదు, విమర్శించినవాళ్లు. వాళ్లలో ముఖ్యుడు బ్రయాన్ విన్. లాంకాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఈ సామాజిక శాస్త్రవేత్త కంబ్రియా రైతులతో కూర్చుని, వాళ్లు ఏమనుకుంటున్నారో వివరంగా నమోదు చేశారు.

ఆ మూడు వారాల లెక్కకు ఒక ఆధారం ఉంది. గొర్రె ఒంట్లో చేరిన సీసియం సుమారు ఇరవై రోజులకు సగమవుతుంది. గడ్డి మీద పడింది వానకు కడుక్కుపోయి నేలలోని బంకమట్టికి అతుక్కుంటే మొక్క దాన్ని మళ్లీ పీల్చుకోలేదు. గొర్రెకు కొత్త సీసియం అందదు, పాతది తగ్గిపోతుంది. బంకమట్టి ఉన్న క్షార నేలల్లో ఇది సరిగ్గా ఇలాగే జరుగుతుంది, శాస్త్రవేత్తల అంచనా కూడా అలాంటి నేలల మీద చేసిన పరిశీలనల నుంచి వచ్చిందే. కానీ కంబ్రియా కొండల మీద ఉన్నది ఆమ్లగుణం ఎక్కువగా ఉన్న పీట్ నేల, అంటే కుళ్లిన మొక్కల పదార్థంతో ఏర్పడిన నల్లటి మట్టి. అందులో సీసియాన్ని పట్టి ఉంచే బంకమన్ను చాలా తక్కువ. సీసియం రసాయనికంగా పొటాషియంకు దగ్గరి చుట్టం కాబట్టి వేళ్లు దాన్ని పొటాషియంలాగే లోపలికి తీసుకుంటాయి. గడ్డి నుంచి గొర్రెకు, గొర్రె పెంటికల నుంచి నేలకు, నేల నుంచి మళ్లీ గడ్డికి అది తిరుగుతూనే ఉంది. జులైలో నిషేధాన్ని గడువు చెప్పకుండా పొడిగించారు.

తప్పు అంచనా ఎవరికైనా వస్తుంది. ఇక్కడ దెబ్బ తీసింది దాన్ని చెప్పిన తీరు. మూడు వారాలు అన్నప్పుడు ‘మన లెక్క ఫలానా రకం నేలకే వర్తిస్తుంది’ అన్న మాట రైతుల దాకా రాలేదు. ఆ నేల ఎలాంటిదో తెలిసిన రైతులను ఎవరూ అడగలేదు. గొర్రెలను కలుషితమైన కొండ మీద నుంచి లోయలోకి దింపి, పైరు కోశాక మిగిలే ఎండుగడ్డి మేపమని సలహా ఇచ్చినప్పుడు, కొండ గొర్రె దాన్ని ముట్టదని రైతులకు వెంటనే తెలుసు. బెంటొనైట్ అనే బంకమట్టిని చల్లితే సీసియం తగ్గుతుందేమో చూడటానికి, గొర్రెలను కంచె వేసిన మడుల్లో విడివిడిగా ఉంచి పరీక్ష పెట్టారు. విశాలమైన కొండల మీద తిరిగే గొర్రెలను అలా కట్టడి చేస్తే చిక్కిపోతాయని, అప్పుడు పోలిక చెల్లదని రైతులు మొదటే అన్నారు. ఆ పరీక్షను మధ్యలోనే వదిలేశారు.

రేడియేషన్ కొలతను రైతులు దగ్గరుండి చూశారు కూడా. గొర్రెను పట్టుకుని దాని వెనుక భాగానికి పరికరం ఆనించి కొలిచేవాళ్లు. ఒక రోజు పదమూడు, పద్నాలుగు గొర్రెలు హద్దు దాటాయి. మళ్లీ కొలిస్తే దాటినవి మూడే. కొలతలో అనిశ్చితి సహజమని శాస్త్రవేత్తకు తెలుసు. బయటికి మాత్రం ఖచ్చితమైన అంకెలే చెప్పారు. ఈ తేడాను కళ్లారా చూసిన మనిషికి ఇంకో కరపత్రం ఇస్తే ఏమవుతుంది?

దీనికి వెనక ఇంకో కథ ఉంది. ఆ కొండల పక్కనే సెల్లాఫీల్డ్ అణుకేంద్రం ఉంది, దాని పాత పేరు విండ్‌స్కేల్. 1957 అక్టోబర్‌లో అక్కడి రియాక్టర్ తగలబడింది. దాని మీద అధికారిక విచారణ నివేదిక పూర్తిగా బయటికి వచ్చింది 1988లో. అందుకే ఈ సీసియం చెర్నోబిల్‌దేనా అని రైతులు అనుమానించారు. సీసియంలోని రెండు రకాలు, 134, 137ల నిష్పత్తి చూస్తే తేలుతుందని అధికారులు అన్నారు. 134 సుమారు రెండేళ్లలో సగమవుతుంది, 137కి ముప్ఫై ఏళ్లు పడుతుంది, కాబట్టి తాజా కాలుష్యంలోనే 134 చెప్పుకోదగ్గంత ఉంటుంది. వాదన సరైనదే. కానీ తర్వాత చూస్తే అక్కడి సీసియంలో సుమారు సగమే చెర్నోబిల్‌ది అని, మిగతాది పాత విండ్‌స్కేల్ ప్రమాదం, అణ్వాయుధ పరీక్షల వంటివాటి నుంచి వచ్చిందని తేలింది. ఆ రైతులకు లోపించింది సమాచారం కాదు. చెప్పేవాళ్ల గత చరిత్ర వాళ్లకు బాగా గుర్తుంది, దాన్ని బట్టే చెప్పిన మాట బరువు చూశారు.

లోటు నమూనాను ఒక్కసారిగా కొట్టిపారేయడం కూడా సరికాదని నా అభిప్రాయం. సమాచారం పనిచేస్తుంది, కానీ అది పనిచేసే చోటు మనం ఊహించినంత పెద్దది కాదు. టీకాల విషయంలో దీన్ని శుభ్రంగా చూపిన పరీక్ష 2014లో అచ్చయింది. అమెరికాలో 1,759 మంది తల్లిదండ్రులకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా గురించి నాలుగు రకాల సందేశాలు ఇచ్చి చూశారు. ఆటిజంతో సంబంధం లేదన్న వివరణ, జబ్బుల ప్రమాదం గురించిన సమాచారం, జబ్బు పడిన పిల్లల ఫొటోలు, చావు అంచుల దాకా వెళ్లిన ఒక బిడ్డ గురించి తల్లి చెప్పిన మాటలు. ఒక్కటీ టీకా వేయించాలన్న ఉద్దేశాన్ని పెంచలేదు. ఆటిజం వివరణ, టీకా వల్ల ఆటిజం వస్తుందన్న తప్పు నమ్మకాన్ని తగ్గించింది. అయినా టీకాల మీద మొదటే బాగా వ్యతిరేకత ఉన్నవాళ్లలో టీకా వేయించాలన్న ఉద్దేశం ఇంకా తగ్గింది.

నిజం చెబితే తప్పు నమ్మకం తలకిందులుగా ఇంకా గట్టిపడుతుందని అప్పట్లో గోల అయింది. తర్వాత పదివేల మందికి పైగా మీద చేసిన పరీక్షల్లో అలాంటిది దాదాపు కనబడలేదు. దిద్దుబాటు చాలావరకు వాస్తవానికి సంబంధించిన నమ్మకాన్ని దిద్దుతుంది. నిర్ణయం దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడదు.

కాబట్టి సందేశం రాసే ముందు, ఎదుటి మనిషి సందేహం దేని మీద ఉందో తెలుసుకోవాలి. ‘ఇది నిజమని తేలితే మీరు ఏం చేస్తారు?’ అని అడిగి చూడండి. ‘అప్పుడు ఒప్పుకుంటాను’ అంటే వాస్తవం లోపించింది, చెప్పండి. ‘అయినా వాళ్లను నమ్మను’ అంటే, ‘నా ఖర్చు ఎవరిస్తారు’ అంటే, మీ కరపత్రం వేరే ప్రశ్నకు జవాబు చెబుతోందన్నమాట.

బ్రిటన్ ప్రభువుల సభ కమిటీ 2000లో సైన్స్, సమాజం మీద ఇచ్చిన నివేదిక ప్రజలతో సంభాషణ జరగాలని గట్టిగా చెప్పింది. ఆ మాట ఇప్పుడు అందరి నోటా ఉంది. అయితే నిర్ణయం తేదీకి తర్వాత పెట్టిన సమావేశం కూడా సంభాషణ పేరుతోనే నడుస్తుంది. అక్కడ ప్రజలు అడిగినదాన్ని బట్టి నిర్ణయంలో మారిన వాక్యం ఏదో చూపించమని నిర్వాహకులను అడగండి. ఏదీ లేకపోతే అది సమావేశం పేరు పెట్టుకున్న కరపత్రమే.